వీధిలో దొరికిన పిల్లకి పేరు: 7 వారాల రంగుని నమ్మకండి

"చెన్నై వేళచ్చేరిలో ఉంటాం. వారం కిందట మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర దొరికిన ఆడ కుక్కపిల్లని ఇంటికి తెచ్చుకున్నాం. 7 వారాలుంటాయని డాక్టరుగారు అన్నారు. ఒళ్ళు గోధుమరంగు, వీపు మీద నల్లని ఛాయ, మూతి నలుపు, ముందు కాళ్ళు రెండూ తెలుపు, తోక కొస తెలుపు, బొజ్జ గుండ్రంగా ఉంటుంది. చెప్పులు మంచం కిందకి లాక్కుపోతుంది, బండి చప్పుడికి వణుకుతుంది. మా పాప 'లడ్డూ' అంటోంది, మావారు 'షాడో' అంటున్నారు, అత్తగారు 'లక్ష్మి' అని పిలిచేస్తున్నారు. దాని రంగుకీ గుణానికీ తగిన మంచి తెలుగు పేరు చెప్పగలరా?"

మీ పాపతోనే మొదలుపెడతాను, ఎందుకంటే లడ్డూ అన్న పేరుకి ఆయుష్షు నెల రోజులే. వీధిలో పుట్టిన పిల్లల్లో ఆ గుండ్రటి బొజ్జ చాలావరకు ఏలికపాముల వల్ల వస్తుంది. తల్లి కడుపులో ఉండగానే కొన్ని పిల్లలోకి చేరతాయి, పాలతో మరికొన్ని. పక్కటెముకలు చేతికి తగులుతూ పొట్ట మాత్రం బిగుతుగా ఉబ్బి ఉంటే, వెంట్రుకలు జీవం లేకుండా ఉంటే, అది బొద్దుతనం కాదు. బరువు చూసి డాక్టరు పురుగుల మందు పోస్తారు, సాధారణంగా 3 నెలలు నిండేదాకా రెండేసి వారాలకోసారి. మందు పడిన మర్నాడు విరేచనంలో తెల్లటి పొడుగాటి పురుగులు కనిపిస్తే కంగారు పడకండి, అవి పోవాల్సినవే. రెండో మోతాదు అయ్యేసరికి నడుము తేలుతుంది. మన దేశీ కుక్క పెరిగితే పొడుగు కాళ్ళు, లోపలికి పోయిన పొట్ట, సన్నటి నడుముతో ఉంటుంది. లడ్డూ, గుండు, బొండాం, పీపా అని బొజ్జ చూసి పెట్టిన పేర్లన్నీ అక్కడితో ఆగిపోతాయి. మా వీధిలో గుండు అనే కుక్క ఒకడున్నాడు. వాడి నడుము చూసిన కొత్తవాళ్ళు ఆ పేరెందుకని తప్పకుండా అడుగుతారు.

మీవారి షాడో సంగతి కొంచెం లోతుగా చూడాలి. గోధుమరంగు పిల్లల వీపు మీద కనిపించే నల్లని ఛాయ రెండు రకాలుగా ఉంటుంది. ఒక రకంలో ప్రతి వెంట్రుకకీ మొదలు లేతగా, కొస నల్లగా ఉంటుంది. పిల్ల వెంట్రుకలు రాలి పెద్ద వెంట్రుకలు వచ్చేటప్పుడు, అంటే సుమారు 4 నుంచి 6 నెలల మధ్య, ఆ నలుపు చాలావరకు పోయి కుక్క లేత గోధుమకో ఎర్ర గోధుమకో తిరుగుతుంది. రెండో రకం చారలు. దగ్గరగా చూస్తే నలుపు అడ్డంగా గీతలు గీతలుగా ఉంటుంది. ఇవి పోవు, పెరిగేకొద్దీ ఇంకా స్పష్టమవుతాయి. మీ పిల్లది ఏ రకమో తెలుసుకోవాలంటే పగటి వెలుతురులో కూర్చోబెట్టుకుని, వీపు మధ్య వెంట్రుకల్ని రెండు వేళ్ళతో పాయ తీసి మొదలు దగ్గర రంగు చూడండి. మొదలు లేతగా, కొస మాత్రమే నల్లగా ఉంటే షాడో వెలిసిపోయే నీడే. మూతి నలుపు వేరే సంగతి. అది నిజమైన ముసుగు అయితే పెద్దయ్యాక కూడా ఉంటుంది. కాకపోతే ఇప్పుడు కళ్ళదాకా పాకి ఉంటే, రేపు ముక్కు చుట్టూ మాత్రమే మిగలొచ్చు. వయసు మీరాక ముందు నెరిసేది కూడా అక్కడే.

ముక్కు, కళ్ళు, చెవులు చూసి కూడా పేరు తీయకండి. పిల్లల గులాబీ ముక్కు చాలాసార్లు నల్లబడుతుంది, నీలంగా కనిపించే కళ్ళు రెండు మూడు నెలలు నిండేలోపు గోధుమకి తిరుగుతాయి. ఇప్పుడు దొప్పల్లా వాలిన చెవులు పళ్ళు మారే వయసులో ఒకటి లేచి, ఒకటి పడి, మళ్ళీ తారుమారై, చివరికి నిక్కబొడుచుకోవచ్చు.

మరి నిలిచేదేమిటి? తెలుపు. మీ పిల్ల దగ్గర ఉన్న అసలు ఆస్తి అదే. కుక్క పిండంగా ఉన్నప్పుడు రంగునిచ్చే కణాలు వెన్ను వెంబడి పుట్టి అక్కడి నుంచి కిందికీ చివరలకీ వ్యాపిస్తాయి. అవి చేరలేకపోయిన చోటు తెల్లగా ఉండిపోతుంది. అందుకే తెలుపు ఎక్కువగా కాలి వేళ్ళ మీదా, రొమ్ము మీదా, తోక కొసనా కనిపిస్తుంది, ఎందుకంటే వెన్ను నుంచి అన్నిటికంటే దూరం అవే. అక్కడ రంగు కణాలే లేవు కాబట్టి ఆ తెలుపు వయసుతో గోధుమగా మారదు. ఒక్క మినహాయింపు ఉంది. కొన్ని కుక్కలకి తెల్లటి భాగంలో చిన్న చిన్న నల్ల చుక్కలో గోధుమ చుక్కలో తర్వాత వస్తాయి. తడిబట్టతో కాళ్ళు తుడిచి చూడండి. తెల్ల వెంట్రుకల కింద చర్మం మీద మచ్చలు కనిపిస్తే, రేపు వెంట్రుకల్లోకి కూడా రావచ్చు. అందుకే మల్లె, వెన్నెల, పాలమ్మ లాంటి మచ్చలేని తెలుపు పేర్ల కంటే, ఆ తెలుపు ఎక్కడుందో చెప్పే పేరు మేలు.

అలా చూస్తే నాకు ముందు తోచింది మువ్వ. ముందు కాళ్ళు రెండూ తెల్లగా ఉండి, ఇల్లంతా టకటక తిరిగే ఆడపిల్లకి ఇంతకంటే దగ్గరి పేరు దొరకదు. రెండోది కుచ్చు, తోక కొస తెలుపు చూసి. ఒకవేళ మీ పిల్లకి నుదుట నిలువు తెల్లచార కూడా ఉంటే నామాలు అని పెట్టేవాళ్ళున్నారు, కానీ తిరువల్లిక్కేణి వైపు నామాలు పెట్టుకునే వైష్ణవ చుట్టాలున్నవాళ్ళు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.

మీరు రాయలేదు గానీ, కళ్ళ పైన కనుబొమల చోట లేత రంగు చుక్కలు ఉన్నాయేమో చూడండి. నల్ల పిల్లల్లో ఇవి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, గోధుమ పిల్లల్లో లేవనే అనుకోవచ్చు. ఇలాంటి నలుపు పిల్లని చూసి ఎవరో ఒకరు "ఇది తమిళనాడు వేటకుక్క, కన్ని జాతి" అని మీకు చెప్పి తీరతారు. నమ్మక్కర్లేదు. ఆ చుక్కలు మామూలు వీధి కుక్కల్లోనూ ఎన్నో వాటికి ఉంటాయి. నాలుగు కళ్ళున్నట్టు కనిపించే ఈ కుక్కలకి మనకి చాలా పాత పేర్లున్నాయి: శ్యామ, శబల. ఇవి యముడి కుక్కల పేర్లు. ఋగ్వేదంలో యముడి దారి కాచే ఆ రెండు కుక్కలూ నాలుగు కళ్ళవి. శబల అంటే మచ్చలది, చుక్కలది. పిలవడానికి చక్కటి పేరే, కానీ అత్తగారికి యముడి సంగతి ముందే చెప్పి ఒప్పించుకోండి. ఆ వైపు పేరే కావాలని ఉండి యముడు వద్దనుకుంటే సరమ ఉంది. దేవతల కుక్క ఆవిడ. తన కొడుకుని ఊరికే కొట్టారని జనమేజయుడి యాగశాలకి వెళ్ళి నిలదీసిన తల్లి. వీధి నుంచి వచ్చిన ఆడపిల్లకి ఆ పేరు బాగా అమరుతుంది.

ఒంటి రంగు చూసే పెట్టాలని ఉంటే, పిల్ల వెంట్రుకలు మారేదాకా ఆగలేరు కాబట్టి, లేతైనా ముదురైనా అతికే పేరు చూసుకోండి. పశువుల రంగులకి మన పల్లెల్లో ఉన్న మాటలు కుక్కలకీ బాగుంటాయి: ఎర్ర గోధుమకి పుల్ల, బూడిద కలిసిన దానికి మైల, తెల్లమచ్చల దానికి బొల్లి, నల్లదానికి కర్రి. వీటిలో మైల మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళకి వేరే అర్థంలో వినిపిస్తుంది, వదిలేయండి. కర్రి విషయంలో నా అభిప్రాయం గట్టిది. "ఒరే కర్రోడా" అని గేటు దగ్గర నిలబడి అరుస్తుంటే, అప్పుడే పార్సిల్ తెచ్చిన కుర్రాడు తలెత్తి చూస్తాడు. మనిషి ఒంటిరంగుని ఎగతాళి చేయడానికి వాడే మాట కుక్కకి ముద్దుగా పెట్టినా వీధిలో ముద్దుగా వినపడదు.

ఇక గుణాలు. మొదటి వారం రోజుల్లో మీరు చూసేది దాని స్వభావం కాదు. తల్లి నుంచి విడిపోయి, కొత్త వాసనల మధ్య, కడుపులో పురుగులతో ఉన్న పిల్ల అది. రోజంతా పడుకుంటోందని కుంభకర్ణ అంటారు, కానీ ఈ వయసు పిల్లలన్నీ రోజులో 18 గంటలకి పైగానే నిద్రపోతాయి. చేతులు కొరుకుతోందని రాక్షసి అంటారు, పాలపళ్ళున్న పిల్లలన్నీ కొరుకుతాయి. నోరెత్తదని మౌనిక అంటారు, పదో రోజు మొరగడం మొదలుపెట్టాక ఆ పేరు విని అపార్ట్‌మెంటంతా నవ్వుకుంటుంది. ఒక జాగ్రత్త: మెలకువగా ఉన్నప్పుడూ మందంగా పడి ఉంటే, చిగుళ్ళు గులాబీరంగులో కాకుండా పాలిపోయి ఉంటే, పేరు సంగతి పక్కన పెట్టి వెంటనే డాక్టరుకి చూపించండి. గోమార్లూ కొంకి పురుగులూ రక్తం తాగేస్తే పిల్ల ఇలాగే నెమ్మదస్తురాలిలా కనిపిస్తుంది.

బండి చప్పుడికి వణకడం కూడా ఇలాంటిదే. 8 నుంచి 10 వారాల మధ్య పిల్లలకి భయం ఇట్టే అంటుకుంటుంది, మీ పిల్ల సరిగ్గా ఆ వయసులోకి వెళ్తోంది. పైగా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, బళ్ళ మధ్య బతికింది. అందుకని పిరికి, బెదురు లాంటి పేర్లు వద్దు. కుక్కకి అర్థం తెలియదు, నిజమే. కానీ ఇంటికి వచ్చినవాళ్ళకి తెలుస్తుంది. పేరు వినగానే "అయ్యో, భయమా!" అని మీదికి వంగి చేతులు చాపుతారు, దాంతో అది ఇంకా వెనక్కి జరుగుతుంది. భయం ఎంత అన్నది కాదు, తేరుకోవడానికి ఎంతసేపు పడుతుంది అన్నది స్వభావం చెబుతుంది. వంటింట్లో ఎప్పుడో ఒక గరిటె కింద పడుతుంది, మీరు పనిగట్టుకుని పడేయక్కర్లేదు. అప్పుడు చూడండి. అన్ని పిల్లలూ ఎగిరిపడతాయి. కొన్ని రెండు మూడు క్షణాల్లో వెళ్ళి గరిటెని వాసన చూస్తాయి. కొన్ని దూరం నుంచే మెడ చాచి చూసి, ఎవరో ఒకరు తీశాక దగ్గరికొస్తాయి. కొన్ని మంచం కింద దూరి అరగంటదాకా రావు. ఇలా రెండు వారాల్లో మూడు నాలుగు సందర్భాలు గమనిస్తే మీకే తెలుస్తుంది.

మొదటి రకానికి ధీర, రుద్రమ లాంటివి నప్పుతాయి. రెండో రకం, అంటే ముందు చూసి, తూచి, తర్వాత కదిలే రకం, నాకు చాలా ఇష్టం. వాటికి తలారి అని పెట్టమంటాను. ఊరి కాపలాదారుకి పాత పేరు అది. మగదైతే మునసబు కూడా బాగుంటుంది, మూల కూర్చుని అందరి రాకపోకలూ లెక్క చూసుకుంటాడు. మూడో రకానికి గుణం మీద పేరు పెట్టకుండా, తెల్లకాళ్ళ మీదో తోక మీదో పెట్టేయండి.

చెప్పులు లాక్కుపోవడం మాత్రం నిలిచే అలవాటులాగే ఉంది. కొరకడం వేరు, మోసుకుపోవడం వేరు. నమలకుండా ఒకచోట పోగు పెడుతోందా, చూడండి. అలా అయితే పెద్దయ్యాక కూడా వాకిట్లో వార్తాపత్రికని తెచ్చి మంచం కింద పెట్టే రకం. గడుగ్గాయి, తుంటరి, పెంకి, ఈ మూడూ పనికొస్తాయి. వీటిలో పెంకికి ఓటేస్తాను: చిన్నది, గట్టి అక్షరాలున్నది, ఇంకో మాటలా వినపడనిది. ఇలాగే కుండీల్లో మట్టి తవ్వేదానికి తవ్వ అని పెట్టారు మాకు తెలిసినవాళ్ళు. ధాన్యం కొలిచే తవ్వ కూడా గుర్తొస్తుంది కదా అని ఆ ఇంటి తాతగారు మురిసిపోతారు. అంబులెన్స్ కూతకి గొంతు కలిపే పిల్లకి సన్నాయి కంటే మంచి పేరు నాకు తెలియదు.

మీరున్నది చెన్నైలో కాబట్టి ప్రతి పేరునీ వీధిలో ఒకసారి పరీక్షించాలి. దాన్ని పిలిచేది మీరొక్కరే కాదు, వాచ్‌మన్, ఇస్త్రీ బండి ఆవిడ, పక్కింటి పిల్లలు కూడా పిలుస్తారు. ముఖాన చుక్క ఉంది కదా అని చుక్క అని పెట్టారనుకోండి, బాల్కనీలోంచి "చుక్కా!" అని పిలిస్తే ఇక్కడ మటన్ చుక్కా గుర్తొస్తుంది. బెంగళూరులో అదే పేరు చుక్కి అయి ముద్దుగా ఉంటుంది. మచ్చ అన్నది ఇంకా ఇబ్బంది: "మచ్చా!" అంటే ఇక్కడ "బావా!" అని పిలిచినట్టే, టీకొట్టు దగ్గరున్న కుర్రాళ్ళందరూ వెనక్కి తిరుగుతారు. పులి అరవంలోనూ పులే, కానీ లకారం కాస్త జారితే చింతపండు అవుతుంది. మువ్వకీ కుచ్చుకీ పెంకికీ ఇలాంటి చిక్కు లేదు. కుచ్చుని కుచ్చి అంటే పుల్ల అని అర్థం వస్తుంది, అదేమీ పెద్ద నష్టం కాదు.

పేరు రెండు అక్షరాలుంటే చాలు, అచ్చుతో ముగిస్తే మంచిది. మనం పిలిచేటప్పుడు చివరి అచ్చు దానంతటదే సాగుతుంది, మువ్వా, పెంకీ అని, దూరానికి వినపడేది ఆ సాగే భాగమే. తిండి పేర్లు బాగానే ఉంటాయి గానీ, ఇంట్లో రోజూ వినపడే పదార్థం వద్దు. బెల్లం అని పెడితే పండగ వంటల రోజు ఇరవైసార్లు వస్తుంది, ఇరవైసార్లు ఏమీ దొరకదు, ఆ తర్వాత పిలిచినా కదలదు. అరిసె అయితే ఏడాదికోసారి ఇబ్బంది, ఫర్వాలేదు. అలాగే "ఛీ", "ఏయ్" అనే శబ్దాలతో మొదలయ్యే పేర్లు ఒకసారి పరీక్షించి చూడండి. వీధిలో అదిలించేది ఆ మాటలతోనే. పేరు చెప్పినప్పుడు చెవులు వెనక్కి వాలి, తోక కిందికి పోతే, ఇంకో పేరు వెతుక్కోండి.

అత్తగారి లక్ష్మికి అసలు అడ్డంకి దేవుడి పేరు కావడం కాదు. మీ అపార్ట్‌మెంట్లో కనీసం ఒక లక్ష్మి ఉండే ఉంటారు, పనికి వచ్చే ఆవిడో, మూడో అంతస్తు మామిగారో. "లక్ష్మీ, చెప్పు వదులు!" అని మీరు గట్టిగా అన్న రోజు తెలుస్తుంది. ఆవిడ మాట పోగొట్టకుండా ఒక దారి ఉంది: పిలిచే పేరు మువ్వ, పూర్తి పేరు మువ్వలక్ష్మి. అత్తగారు పూర్తి పేరుతో పిలిచినా మొదటి రెండు అక్షరాలు ఒకటే కాబట్టి పిల్లకి తికమక ఉండదు. మొదటి నెల మాత్రం ఇంట్లో అందరూ ఒకే పేరు వాడండి. ఒకరు లడ్డూ, ఒకరు షాడో అంటే అది ఏదీ నేర్చుకోదు.

నేర్పడం తేలిక. తిండికి ముందు, చేతిలో ఉడికించిన కోడిగుడ్డు తునకో, అన్నంలో పెరుగు ముద్దో పెట్టుకుని, అది ఎటో చూస్తున్నప్పుడు ఒక్కసారి పేరు పిలవండి. తల తిప్పగానే పెట్టండి. అయిదారుసార్లు చేసి ఆపేయండి, పూటపూటకీ ఇలాగే. తిరగకపోతే మళ్ళీ మళ్ళీ పిలవకండి, దగ్గరికి వెళ్ళి తునక వాసన చూపించండి. చెప్పు లాక్కుపోతుంటే పేరు పెట్టి తిట్టకండి. "వద్దు" అనండి, ఇంకో బొమ్మ ఇవ్వండి. పేరుకీ కేకకీ జోడీ కుదిరితే, రేపు గేటు తెరిచి ఉన్నప్పుడు పిలిస్తే రావలసిన పిల్ల, అవతలికి పరిగెడుతుంది.

టీకా కార్డులో పేరు రాయించడానికి తొందరేమీ లేదు. మొదటి టీకా రోజున పేరు గడి ఖాళీగా వదిలేయమనండి, మూడు నాలుగు వారాల్లో వచ్చే రెండో మోతాదు నాటికి తేల్చుకోవచ్చు. జాతి గడిలో డాక్టరు ఎన్.డి. అని రాస్తారు, ప్రత్యేక జాతి కాదని దానర్థం, బాధపడకండి. రంగు గడిలో మాత్రం ఇప్పుడే "గోధుమ, ముందు కాళ్ళూ తోక కొసా తెలుపు" అని రాయించండి. రేపు తప్పిపోతే, గుర్తుపట్టడానికి ఆ తెలుపే ఆధారం. మెడపట్టీ మీద పేరు కంటే ముందు మీ ఫోన్ నంబరు పెద్ద అంకెల్లో ఉండాలి.